టైల్స్ లెక్క తేలాలంటే గదివారీగా అడగండి

టైల్స్ పనికి ఇచ్చే ఎస్టిమేట్‌లో చాలాసార్లు ఒకే అంకె ఉంటుంది: "2×2 టైల్స్, 50 బాక్సులు". ఇంత ఎందుకని నోటిమాటగా అడిగితే "వేస్టేజ్ పోతుంది సార్" అంటారు. అదే గదుల కొలతలు జతచేసి ఉత్తరం రాస్తే, ఆ అంకె ఎలా వచ్చిందో కాంట్రాక్టర్ విడమరిచి చెప్పాల్సి వస్తుంది. ఒక డబుల్ బెడ్‌రూం ఇంటికి ఆ ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"కాంట్రాక్టర్ గారికి నమస్కారం. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిచాను. హాలు 16×12, పెద్ద బెడ్‌రూం 12×11, చిన్నది 11×10, కిచెన్ 10×8 అడుగులు. నేల మొత్తం 514 చదరపు అడుగులు. హాలు, బెడ్‌రూంల చుట్టుకొలత 144 అడుగులు. ఎనిమిది తలుపులకు 24 తీసేస్తే 120. నాలుగంగుళాల స్కర్టింగ్‌కు 40 చదరపు అడుగులు పడుతుంది. మొత్తం 554. పది శాతం వేస్టేజ్ కలిపితే దాదాపు 610, అంటే 40 బాక్సులు. మీరు 50 రాశారు. బాల్కనీ కలిపారా? గోడల మందంతో సహా ప్లాన్ కొలతలు తీసుకున్నారా? టైల్స్ ఐమూలగా వేస్తారా? ఏ గదికి ఎన్నో విడిగా రాసివ్వండి. నా కొలతల్లో తేడా ఉంటే కలిసి మళ్లీ కొలుద్దాం."

ఇక్కడ బాక్సుకు 16 అడుగులు లెక్కేస్తే ఇంటాయనే తప్పులో పడతారు. 2×2 అని పిలిచే టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లే. నాలుగు టైల్స్ ఉన్న బాక్సు 15.5 చదరపు అడుగులే పరుస్తుంది.

వేస్టేజ్ కూడా ఉత్తుత్తి మాట కాదు. 11 అడుగుల వైపు ఐదు నిండు టైల్స్ పట్టాక దాదాపు 14 అంగుళాల ఖాళీ మిగులుతుంది. ప్రతి వరుసకూ ఒక టైల్ కోయాల్సిందే. అయితే కోయగా మిగిలేది తొమ్మిదంగుళాలకు పైనే ఉన్న ముక్క. అందులోంచి రెండు స్కర్టింగ్ పట్టీలు వస్తాయి. ఆ ముక్కల్ని మేస్త్రి స్కర్టింగ్‌కు వాడతాడా, పారేస్తాడా అన్నది ఉత్తరంలోనే అడగాలి. ఐమూలగా పరిస్తే నాలుగు గోడల వెంటా కోతలే కాబట్టి వేస్టేజ్ 15 శాతం దాకా వెళ్లొచ్చు. అప్పుడు కాంట్రాక్టర్ అంకె పెరగడం న్యాయమే.

చదరపు అడుగు 60 రూపాయల టైల్ అనుకుంటే పది బాక్సుల తేడా 9,300 రూపాయలు. అలాగని మరీ బిగించి కొనకూడదు. తర్వాత తెచ్చే బాక్సు వేరే బ్యాచ్‌దైతే రంగు కలవదు. అందుకే బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసి, రిపేర్లకు ఒక బాక్సు అదనంగా తీసుకోవాలి. విప్పని బాక్సులు వాపసు తీసుకుంటారేమో షాపులో ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. పరిచే కూలిని మాత్రం కొన్న బాక్సుల మీద కాకుండా, పని పూర్తయ్యాక కొలిచిన నేల మీదే కడతామని అదే ఉత్తరంలో రాసేయాలి.