ఒకదాన్నొకటి దాటిన గీతలు

2009లో వెలువడిన ఐపాస్ పరీక్షలో, ఆసియాకు చెందిన 1,217 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో సగం మందికి జెఫిటినిబ్ మాత్ర, మిగతా సగానికి కీమో ఇచ్చారు. జబ్బు ముదరకుండా బతికి ఉన్నవారి శాతాన్ని కాలక్రమంలో గీస్తే, మెట్లలా దిగే రెండు గీతలు వచ్చాయి. వాటిని పోల్చే హజార్డ్ రేషియో 0.74. అంటే అప్పటిదాకా నిలకడగా ఉన్నవారిలో జబ్బు ముదిరే వేగం కీమో వైపు 100 అనుకుంటే, మాత్ర వైపు 74. ఆయుష్షు 26 శాతం పెరిగిందని మాత్రం కాదు.

కానీ మొదటి ఆరు నెలలు కీమో గీతే పైన ఉంది, ఆ తర్వాత మాత్రది. ఇలా దాటుకుంటే ఆ ఒక్క అంకె మోసం చేస్తుంది. విడదీసి చూస్తే ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్నవారిలో 0.48, లేనివారిలో ఏకంగా 2.85! వారికి కీమోయే మేలు.