ఇచ్చిన వాట్లు, తీసుకున్న వాట్లు: సర్క్యూట్ లెక్కకు ఒక తనిఖీ

సర్క్యూట్ లెక్క పూర్తయ్యాక చేతికి వచ్చేవి కొన్ని వోల్టేజీలు, కొన్ని కరెంట్లు. అవి సరైనవో కావో తెలుసుకోవడానికి లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. సర్క్యూట్‌లో ఉన్న ఒక్కో భాగం ఎన్ని వాట్లు ఇస్తోందో, ఎన్ని వాట్లు తీసుకుంటోందో విడివిడిగా రాసి రెండు వైపులా కూడితే చాలు. ఇచ్చిన మొత్తం, తీసుకున్న మొత్తం సమానంగా ఉండాలి. లేకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

దీనికి ఆధారం శక్తి నిత్యత్వ నియమం. సర్క్యూట్‌లో శక్తి పుట్టదు, మాయం కాదు. ఒక భాగం ఇచ్చిన శక్తిని అదే క్షణంలో మిగతా భాగాలు తీసుకోవాలి. తీసుకున్న దాన్ని అవి వేడిగా మార్చవచ్చు, వెలుగుగా మార్చవచ్చు, బ్యాటరీలా దాచుకోవచ్చు. అది ఏ రూపంలోకి మారినా వాట్ల లెక్కలో మాత్రం తీసుకున్న వైపే చేరుతుంది.

ఇచ్చేదెవరు, తీసుకునేదెవరు

ఏ భాగానికైనా సామర్థ్యం దాని రెండు కొనల మధ్య వోల్టేజీని, దానిగుండా పోయే కరెంటుతో గుణిస్తే వస్తుంది: P = VI. అది ఏ వైపు చేరాలో చెప్పేది కరెంటు దిశ. కరెంటు ప్లస్ కొనలోంచి లోపలికి వెళుతుంటే ఆ భాగం సామర్థ్యాన్ని తీసుకుంటోంది. ప్లస్ కొనలోంచి బయటికి వస్తుంటే ఇస్తోంది.

రెసిస్టర్ విషయంలో సందేహమే ఉండదు. అది ఎప్పుడూ తీసుకునేదే. వోల్టేజి సోర్సుల విషయంలోనే జాగ్రత్త అవసరం. సోర్సు అన్నంత మాత్రాన అది ఇచ్చే వైపే ఉంటుందన్న నియమం లేదు. ఛార్జ్ అవుతున్న బ్యాటరీలోకి కరెంటు ప్లస్ కొన నుంచే ప్రవేశిస్తుంది. ఆ సమయంలో అది బల్బు లాగే తీసుకునే వైపు నిలుస్తుంది.

కారులో ఒక సర్క్యూట్

ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులోని ఆల్టర్నేటర్ ఒకవైపు బ్యాటరీని ఛార్జ్ చేస్తూ, మరోవైపు లైట్లను వెలిగిస్తుంది. లెక్క తేలిక కోసం విలువలను ఇలా తీసుకోవచ్చు. ఆల్టర్నేటర్ 14 వోల్టులు, దానితో వరసలో 0.1 ఓమ్ నిరోధం. బ్యాటరీ 12 వోల్టులు, దానితో వరసలో 0.2 ఓమ్ నిరోధం. లైట్ల నిరోధం 2.6 ఓమ్‌లు. ఈ మూడు శాఖలూ ఒక కూడలిలో కలుస్తాయి. రెండో కొనలన్నీ కారు బాడీకి, అంటే ఎర్త్‌కు కలిసి ఉంటాయి.

కూడలి వోల్టేజి V అనుకుంటే, ఆల్టర్నేటర్ నుంచి కూడలికి వచ్చే కరెంటు, బ్యాటరీలోకీ లైట్లలోకీ వెళ్లే కరెంట్ల మొత్తానికి సమానం. ఇది కిర్కాఫ్ కరెంటు నియమం.

(14 − V)/0.1 = (V − 12)/0.2 + V/2.6

రెండు వైపులా 2.6తో గుణిస్తే

26(14 − V) = 13(V − 12) + V

ఇందులోంచి 40V = 520, అంటే V = 13 వోల్టులు. దాంతో ఆల్టర్నేటర్ కరెంటు 10 ఆంపియర్లు, బ్యాటరీలోకి వెళ్లేది 5, లైట్లలోకి వెళ్లేది 5 అని తేలుతుంది.

ఇక తనిఖీ. ఇచ్చే వైపు ఆల్టర్నేటర్ ఒక్కటే: 14 × 10 = 140 వాట్లు. తీసుకునే వైపు నాలుగు భాగాలున్నాయి.

- ఆల్టర్నేటర్ నిరోధం: 10² × 0.1 = 10 వాట్లు
- బ్యాటరీ: 12 × 5 = 60 వాట్లు
- బ్యాటరీ నిరోధం: 5² × 0.2 = 5 వాట్లు
- లైట్లు: 5² × 2.6 = 65 వాట్లు

మొత్తం 140 వాట్లు. రెండు వైపులా సరిపోయాయి.

తేడా వస్తే అది ఏం చెబుతుంది

బ్యాటరీ కదా అని దాని 60 వాట్లను అలవాటు కొద్దీ ఇచ్చే వైపు వేస్తే ఏమవుతుందో చూడాలి. ఇచ్చే వైపు 200 అవుతుంది, తీసుకునే వైపు 80 మిగులుతుంది. తేడా 120 వాట్లు, అంటే 60కి సరిగ్గా రెట్టింపు. ఒక భాగాన్ని తప్పు వైపు రాస్తే తేడా ఎప్పుడూ దాని సామర్థ్యానికి రెట్టింపే వస్తుంది, ఎందుకంటే అది ఒక వైపు తగ్గి రెండో వైపు పెరుగుతుంది. అందుకే తేడా కనిపించగానే దాన్ని సగం చేసి, ఆ అంకె జాబితాలో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. ఉంటే ముందుగా అక్కడి కరెంటు దిశను సరిచూడాలి.

రెండో రకం తప్పు సమీకరణాన్ని సాధించేటప్పుడు జరిగేది. 13(V − 12)ని విప్పేటప్పుడు 13V − 156కు బదులు 13V − 12 అని రాస్తే, V = 9.4 వోల్టులు వస్తుంది. అప్పుడు ఆల్టర్నేటర్ కరెంటు 46 ఆంపియర్లు. కూడలి వోల్టేజి 12 కన్నా తక్కువ కాబట్టి బ్యాటరీ ఛార్జ్ కావడం మాని 13 ఆంపియర్లు బయటికి ఇస్తున్నట్టు కనిపిస్తుంది. లైట్లలో 9.4/2.6, అంటే సుమారు 3.6 ఆంపియర్లు.

ఇచ్చే వైపు 644, 156 కలిసి 800 వాట్లు. తీసుకునే వైపు రెండు నిరోధాల్లో 211.6, 33.8, లైట్లలో సుమారు 34, మొత్తం 279.4 వాట్లు. తేడా 520.6 వాట్లు. ఈ తేడాకు కూడా అర్థం ఉంది. కూడలికి చేరుతున్నవి 59 ఆంపియర్లు, బయటికి పోతున్నవి 3.6. లెక్కలో తేలకుండా మిగిలిపోయిన సుమారు 55.4 ఆంపియర్లను కూడలి వోల్టేజి 9.4తో గుణిస్తే వచ్చేది ఆ 520.6 వాట్లే. అంటే వాట్ల తేడా కూడలి దగ్గర కరెంట్లు పొసగలేదని నేరుగా చూపిస్తోంది.

తప్పు లెక్క కూడా సరిపోయినట్టు కనిపించే చోటు

ఈ తనిఖీలో అందరూ గమనించని మెలిక ఒకటుంది. పై తప్పు జవాబునే తీసుకుని, లైట్ల కరెంటును 9.4/2.6 అని కాకుండా ఇంకోలా రాబట్టారనుకుందాం. కూడలిలోకి 46, 13 వచ్చాయి కాబట్టి లైట్లలోకి 59 ఆంపియర్లు పోవాలని రాశారు. లైట్ల సామర్థ్యాన్ని వోల్టేజి, కరెంట్ల లబ్ధంగా 9.4 × 59 = 554.6 వాట్లు అని వేశారు. ఇప్పుడు తీసుకునే వైపు 211.6, 33.8, 554.6 కలిసి సరిగ్గా 800. రెండు వైపులూ సమానమయ్యాయి, జవాబు మాత్రం పూర్తిగా తప్పు.

ఇది కాకతాళీయం కాదు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పనిచేసిన బెర్నార్డ్ టెలిజెన్ 1952లో ప్రచురించిన సిద్ధాంతం దీన్ని వివరిస్తుంది. వోల్టేజీలు కిర్కాఫ్ వోల్టేజి నియమాన్ని, కరెంట్లు కిర్కాఫ్ కరెంటు నియమాన్ని పాటిస్తే చాలు, అన్ని భాగాల VIల మొత్తం సున్నా అవుతుంది. ఆ వోల్టేజికీ ఆ కరెంటుకీ మధ్య ఓమ్ నియమం పొసగాలన్న షరతు అందులో లేదు. పై ఉదాహరణలో 2.6 ఓమ్‌లన్న విలువ తనిఖీలోకి ఎక్కడా రాలేదు. 59 ఆంపియర్లు 2.6 ఓమ్‌ల గుండా పోతే 153.4 వోల్టులు కావాలి, ఉన్నవి 9.4. ఆ పొరపాటును VI అన్న లబ్ధం పట్టించలేదు.

కాబట్టి సోర్సుల సామర్థ్యాన్ని VIతోనూ, రెసిస్టర్ల సామర్థ్యాన్ని I²R లేదా V²/Rతోనూ వేయాలి. అప్పుడు ప్రతి నిరోధం విలువా తనిఖీలో పాల్గొంటుంది. పై లెక్కలోనే 59² × 2.6 అని వేసి ఉంటే 9,000 వాట్లు దాటేది, తప్పు వెంటనే బయటపడేది.

చిన్న తేడాలు, కనిపించని తప్పులు

దశాంశాలను సవరించడం వల్ల వాట్లలో కొద్దిపాటి తేడా రావడం సహజం. ఎంత వరకు సహించవచ్చన్నది సర్క్యూట్‌ను బట్టి ఉంటుంది. కారు సర్క్యూట్‌లో V విలువను 13కు బదులు 13.04గా తీసుకుంటే, వోల్టేజిలో తేడా మూడో వంతు శాతం కూడా లేదు. అయినా ఆల్టర్నేటర్ కరెంటు 10 నుంచి 9.6కు పడిపోతుంది. ఇచ్చే వైపు 134.4, తీసుకునే వైపు సుమారు 142.4 వాట్లు వస్తాయి. దగ్గరదగ్గర విలువలున్న రెండు వోల్టేజీలను తీసివేసి, చిన్న నిరోధంతో భాగించే చోటల్లా ఇలా జరుగుతుంది. అటువంటి చోట మధ్యలో అంకెలను కుదించకుండా, చివర్లో మాత్రమే సవరించాలి. అలా చేశాక కూడా తేడా మిగిలితే అది నిజమైన తప్పే.

తనిఖీకి అసలే అందని తప్పు మరొకటి ఉంది. బొమ్మలో 2.6 ఓమ్‌లని ఉన్నదాన్ని 3.6గా చదివి, లెక్కా తనిఖీ రెండూ అదే విలువతో చేస్తే వాట్లు సరిపోతాయి. లేని సర్క్యూట్‌కు అది సరైన జవాబు మరి. ఆల్టర్నేటర్ తీగను తప్పు కూడలికి కలిపి గీసుకున్నా ఇంతే. అందువల్ల తనిఖీకి వాడే విలువలను సాధించిన కాగితం నుంచి కాకుండా, అసలు బొమ్మ నుంచే మళ్లీ చూసి రాసుకోవాలి.

ఏసీ సర్క్యూట్లలో ఇదే పద్ధతిని రెండు ఖాతాలుగా నడపాలి. వాట్లు వాట్లతో, రియాక్టివ్ సామర్థ్యం తెలిపే వార్‌లు వార్‌లతో విడివిడిగా సరిపోవాలి. వోల్ట్ ఆంపియర్లను మాత్రం అలా కూడకూడదు. 3 ఓమ్‌ల రెసిస్టర్, 4 ఓమ్‌ల రియాక్టెన్స్ ఉన్న కాయిల్ వరసగా ఉండి, వాటిగుండా 10 ఆంపియర్లు పోతుంటే రెసిస్టర్ 300 వాట్లు, కాయిల్ 400 వార్‌లు తీసుకుంటాయి. సోర్సు ఇచ్చేది 500 వోల్ట్ ఆంపియర్లు, 700 కాదు.

వాట్లు సరిపోకపోతే జవాబో, తనిఖీయో ఒకటి తప్పని ఖాయంగా చెప్పవచ్చు. సరిపోతే మాత్రం జవాబు ఒప్పని చెప్పడానికి రెండు షరతులున్నాయి: ప్రతి రెసిస్టర్ సామర్థ్యాన్ని దాని నిరోధం విలువతోనే లెక్కించి ఉండాలి, ప్రతి కరెంటూ కూడలి దగ్గర సరిపోతోందని విడిగా చూసి ఉండాలి.