కెమెరా ఎక్కడ ఆగుతోంది?

కెమెరా స్లో అయిపోయిందని ఎవరైనా అంటే ముందు అడగాల్సింది ఒక్కటే. తెరుచుకోవడానికి ఆలస్యమా, ఫొటో నొక్కాక ఆలస్యమా? రెండింటినీ ఒకే జబ్బు అనుకుని, ఎవరో చెప్పిన క్లీనర్ యాప్ వేసుకునేవాళ్లే ఎక్కువ. ఆ యాప్ కూడా కొంత మెమరీ తింటుంది, పైగా ప్రకటనలు చూపిస్తుంది.

తేల్చుకోవడం సులువే. కెమెరా తెరవండి. హోమ్ బటన్ నొక్కి బయటికి రండి. వెంటనే మళ్లీ తెరవండి. మొదటిసారి నాలుగైదు సెకన్లు పట్టి, రెండోసారి చటుక్కున వచ్చిందంటే అనుమానం ర్యామ్ మీదికి పోతుంది. ఒకసారి తెరిచిన యాప్ కాసేపు ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి రెండోసారి త్వరగా వస్తుంది. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో ఒక గేమ్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఏదో వీడియో యాప్ నడుస్తుంటే కెమెరాకు చోటు చాలదు. అప్పుడు ఆండ్రాయిడ్ వాటిలో కొన్నింటిని మూసేసి చోటు చేయాలి. మనకు కనిపించే నల్ల తెర వెనక చాలాసార్లు జరిగేది అదే.

అలాగని గంటకోసారి రీసెంట్ యాప్స్ అన్నీ పైకి తోసేయడం మందు కాదు. ఆ ఊపులో కెమెరానూ తోసేస్తాం. తర్వాత అది మళ్లీ మొదటి నుంచి లేవాలి. బరువైన గేమ్‌ను మాత్రం మూసేసి, ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయండి. ఛార్జింగ్ మిగల్చడానికి అది ప్రాసెసర్ వేగాన్నే తగ్గించవచ్చు.

కెమెరా త్వరగానే తెరుచుకుని, నొక్కాక చక్రం తిరుగుతుంటే చూడాల్సింది స్టోరేజీ. మా బంధువొకాయన 64 జీబీ ఫోన్‌ సంగతి ఇదే. కూతురి పెళ్లిలో ఒక ఫొటో తీశాక రెండోది తీయాలంటే ఆగాల్సి వచ్చేది. సెట్టింగ్స్‌లో చూస్తే మిగిలింది 1 జీబీ కూడా లేదు.

స్టోరేజీ నిండితే వేగం ఎందుకు తగ్గుతుందంటే, ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీద కొత్తది నేరుగా రాయడం కుదరదు. ముందు ఒక గడినంతా చెరిపి ఖాళీ చేయాలి. ఆ గడిలో ఇంకా పనికొచ్చేది ఏమైనా ఉంటే దాన్ని వేరేచోటికి చేర్చాలి. కిక్కిరిసిన బీరువాలో ఒక్క చీర పెట్టడానికి నాలుగు చీరలు దించాల్సి వచ్చినట్టే. చోటుంటే ఈ సర్దుడు తీరిక వేళల్లో జరిగిపోతుంది. లేకపోతే మనం ఫొటో నొక్కిన క్షణంలోనే జరగాలి. అందుకే మొత్తంలో పదో వంతయినా ఖాళీ ఉంచుకోవడం మంచిది.

ఆయన ఫోన్‌లో చోటంతా తిన్నది పెళ్లి ఫొటోలు కావు, వాట్సాప్. కుటుంబ గ్రూపుల్లో వచ్చిన శుభోదయాలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల నుంచి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో Storage and data, అందులో Manage storage తెరిస్తే పెద్ద ఫైళ్లు, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా కనిపిస్తాయి. అక్కడే ఏరి తీసేశాం. గ్యాలరీలో తీసేసినవి మాత్రం ట్రాష్‌లోకి వెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉంటాయి. దాన్నీ ఖాళీ చేసేదాకా చోటు పెరగదు. తొమ్మిది జీబీల దాకా ఖాళీ అయ్యాక ఫొటోల మధ్య ఆగడం పోయింది. మెమరీ కార్డు వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫొటోలు కార్డులోకి వెళ్లేలా ఉంటే, పాత కార్డు వేగమే అడ్డం కావచ్చు. ఫోన్ మెమరీకి మార్చి చూస్తే తెలిసిపోతుంది. నైట్ మోడ్‌లో రెండు మూడు సెకన్లు పట్టడం మాత్రం లోపం కాదు. అది వరుసగా చాలా ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది.

రెండుసార్లూ ఆలస్యంగానే తెరుచుకుంటే, అదీ ఈమధ్యే ఫోన్ అప్‌డేట్ అయ్యాక మొదలైతే, అప్పుడు క్యాష్ సంగతి. క్యాష్ అంటే యాప్ తన పని త్వరగా సాగడానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. అవి పాడైతే అడ్డం పడతాయి. సెట్టింగ్స్‌లో యాప్స్, కెమెరా, స్టోరేజీ తెరిచి Clear cache నొక్కండి. పక్కనే Clear data లేదా Clear storage అని ఉంటుంది. దాన్ని నొక్కితే కెమెరా సెట్టింగ్స్ మొదటికి వస్తాయి. గ్యాలరీలోని ఫొటోలు పోవు, అవి వేరే ఫోల్డరులో ఉంటాయి. ఐఫోన్ కెమెరాకు ఈ బటన్ లేదు, అక్కడ స్టోరేజీ, రీస్టార్ట్ చూసుకోవాల్సిందే.

ఇవన్నీ చేశాకా మారకపోతే వాట్సాప్ లోపలి కెమెరా తెరిచి చూడండి. అది చక్కగా తెరుచుకుంటే చిక్కు ఫోన్ కెమెరా యాప్‌లోనే ఉండొచ్చు, దాని అప్‌డేట్ వచ్చిందేమో చూడాలి. అదీ నల్లగానే ఉండిపోతుంటే, లేదా ముందు కెమెరా పనిచేస్తూ వెనకది మాత్రమే మొరాయిస్తుంటే, ఫొటోలు బ్యాకప్ తీసుకుని సర్వీస్ సెంటర్‌లో చూపించాలి.