కీ నొక్కితే వినేదెవరు?

మ్యాక్రో ప్యాడ్ అంటే అరచేతిలో పట్టే బుల్లి కీబోర్డు. కొన్నిటికి మూడు కీలే ఉంటాయి, కొన్నిటికి పన్నెండు దాకా ఉంటాయి. యూఎస్‌బీ వైరుతో తగిలిస్తే ల్యాప్‌టాప్ దాన్ని రెండో కీబోర్డుగా గుర్తిస్తుంది, అంతకుమించి దాని గురించి ఏమీ తెలుసుకోదు. వీడియో కాల్‌లో మైకు ఆపడానికి, కెమెరా ఆపడానికి, స్క్రీన్ షేర్ చేయడానికి తలా ఒక కీ కేటాయించుకునేవారు మొదట గ్రహించాల్సింది ఇదే. ప్యాడ్ దగ్గర ‘మ్యూట్’ అనే ఆదేశమేదీ ఉండదు. మామూలు కీబోర్డు మీద మూడు వేళ్లతో నొక్కాల్సిన కీలను అది ఒకే నొక్కుతో పంపుతుంది, అంతే. ఆ కీలను అందుకుని మైకు ఆపాల్సింది కాల్ నడిపే ప్రోగ్రామే.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. కీబోర్డు నుంచి వచ్చింది ఏదైనా మామూలుగా ఆ క్షణాన తెర మీద ముందున్న విండోకే చేరుతుంది. టీమ్స్‌లో మైకు ఆపే షార్ట్‌కట్ Ctrl+Shift+M. కాల్ వెనక నడుస్తుండగా క్లాసిక్ ఔట్‌లుక్ ముందుంటే అదే షార్ట్‌కట్ కొత్త ఈమెయిల్ తెరుస్తుంది, మైకు మాత్రం ఆన్‌లోనే ఉండిపోతుంది. గూగుల్ మీట్‌కు Ctrl+D. ఎక్సెల్ ముందున్నప్పుడు దాన్ని నొక్కితే పై గడిలోని అంకె కింది గడిలోకి దిగి, అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది. మైకు ఆగలేదన్నది ఒక తప్పయితే, లెక్క మారిపోవడం దానికంటే పెద్ద తప్పు. ప్యాడ్ కొన్న మొదటి వారంలోనే చాలామంది దాన్ని డ్రాయర్‌లో పడేయడానికి కారణం ప్యాడ్ నాణ్యత కాదు, ఈ ‘ముందున్న విండో’ సంగతి తెలియకపోవడమే.

ఈ ఇబ్బందిని సూటిగా తీర్చే ఏర్పాటు జూమ్‌లో ఉంది. సెట్టింగ్స్‌లో Keyboard Shortcuts అనే పేజీలో ప్రతి షార్ట్‌కట్ పక్కన Enable Global Shortcut అనే గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే ఏ విండో ముందున్నా ఆ షార్ట్‌కట్‌ను జూమే అందుకుంటుంది. విండోస్‌లో మైకుకు Alt+A, కెమెరాకు Alt+V, స్క్రీన్ షేర్‌కు Alt+S ముందే పెట్టి ఉంటాయి.

జీఎస్టీ లెక్కలను ఎక్సెల్‌లో తెరిచి, క్లయింట్‌కు జూమ్‌లో చూపించే ఒక అకౌంటెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. చేతిలో ఉన్నది మూడు కీల ప్యాడ్. Alt+Aకి టిక్ పెట్టేశాక వెంటనే కొత్త సమస్య మొదలవుతుంది. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కు వెళ్లడానికి ఏళ్లుగా నొక్కుతున్నది కూడా Alt+A యే. ఇకనుంచి ఆ కీలు ఎక్సెల్‌కు చేరవు, జూమ్ లాగేసుకుంటుంది. డేటా ట్యాబ్ తెరుచుకోకపోగా, మ్యూట్‌లో ఉన్న మైకు ఆన్ అవుతుంది. పక్కగదిలో జరిగే మాటలు క్లయింట్‌కు వినపడుతుంటాయి, అకౌంటెంట్‌కు ఆ సంగతే తెలియదు. అందుకే టిక్ పెట్టే ముందు షార్ట్‌కట్‌ను మార్చుకోవాలి. ఇంకే ప్రోగ్రామూ వాడని, చేత్తో నొక్కడానికి ఎవరికీ తోచని కీల జట్టును ఎంచుకోవాలి. Ctrl, Alt, Shift మూడూ కలిపి ఒక అక్షరం నొక్కడం వేళ్లకు కష్టం, ప్యాడ్‌కు ఏ కష్టమూ లేదు. ప్యాడ్‌తో ఒరిగే అసలు మేలు ఇదే.

క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్‌తో నడిచే ప్యాడ్‌లలో చాలావాటిని వయా అనే ప్రోగ్రామ్‌తో మార్చుకోవచ్చు. క్రోమ్ బ్రౌజర్‌లో usevia.app తెరిచి, ప్యాడ్‌ను ఎంచుకుని, తెర మీద కనిపించే బొమ్మలో ఒక కీని క్లిక్ చేసి, Special విభాగంలోని Any నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. ఒక్కో కీకి ఒక్కో వరుస చొప్పున అందులో ఇలా రాయాలి:

```
MEH(KC_J)
MEH(KC_K)
MEH(KC_L)
```

క్యూఎంకే భాషలో MEH అంటే Ctrl, Alt, Shift మూడూ కలిపి నొక్కడం. రాసింది ప్యాడ్ లోపలి మెమరీలోనే నిలిచిపోతుంది. కాబట్టి ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు ల్యాప్‌టాప్‌కు తగిలించినా ఇవే కీలు పనిచేస్తాయి. వయా లేని చవక ప్యాడ్‌లకు అమ్మినవారి సాఫ్ట్‌వేర్ వాడాలి. కొనేటప్పుడే అది కీలను ప్యాడ్‌లో భద్రపరుస్తుందా, లేక ఎప్పుడూ నడుస్తూ ఉండాలా అని అడగడం మంచిది.

తర్వాతి పని జూమ్‌లో. మైకు షార్ట్‌కట్ మీద క్లిక్ చేసి, కీబోర్డు మీద వేళ్లు చాపకుండా ప్యాడ్ మీది మొదటి కీనే నొక్కితే కొత్త జట్టు అక్కడ నమోదవుతుంది. నమోదైందంటే ప్యాడ్ సరిగ్గా పంపుతోందని కూడా అప్పుడే తేలిపోతుంది. మిగతా రెండూ అలాగే చేసి, మూడింటికీ టిక్ పెట్టాలి. ఇక పరీక్ష. ఒక్కరే ఉన్న మీటింగ్ తెరిచి, జూమ్ విండో ఒక పక్కన కనిపించేలా ఉంచి, ఎక్సెల్‌లో ఒక గడి మీద క్లిక్ చేసి కీ నొక్కాలి. జూమ్‌లో మైకు బొమ్మ మీద గీత పడాలి, ఎక్సెల్‌లో ఏదీ కదలకూడదు. రెండూ చూడాలి.

మూడు కీలూ ఒకే తీరున ప్రవర్తించవు. మైకు, కెమెరా కీలు ఒకసారి నొక్కితే ఆపుతాయి, మళ్లీ నొక్కితే తెరుస్తాయి. షేర్ కీ మాత్రం మొదటిసారి ఏ విండో చూపించాలో అడిగే పెట్టెను తెరిచి ఆగుతుంది. అక్కడ ఎంచుకుని Share నొక్కే పని మనిషిదే. ఒకరకంగా ఇది మేలే, పొరపాటున చేయి తగిలితే సొంత ఫోల్డర్లు క్లయింట్ కంట పడవు. షేర్ నడుస్తుండగా అదే కీ నొక్కితే వెంటనే ఆగిపోతుంది. తెర మీద రాకూడనిది వచ్చినప్పుడు మౌస్‌తో ఆపే బటన్ వెతుక్కునే అవసరం ఉండదు. ఈ కీ విలువ తెలిసేది ఆ రెండు సెకన్లలోనే.

నొక్కిన ప్రతిసారీ స్థితి మారిపోతుంది కనుక, మైకు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ప్యాడ్‌కు తెలియదు. కీ కింద ఎర్రదీపం వెలిగేలా పెట్టుకున్నా అది చెప్పేది ఎన్నిసార్లు నొక్కారన్నదే. మీటింగ్ నడిపేవారు అందరినీ మ్యూట్ చేస్తే దీపానికి ఆ కబురు అందదు. నమ్మాల్సింది తెర మీది బొమ్మనే. ఇంకో లోపం స్విచ్‌లో వస్తుంది. అరిగిన స్విచ్ ఒక్క నొక్కుకే రెండుసార్లు తగులుతుంది. బొమ్మ మీద గీత పడినట్టే పడి మాయమైతే కారణం అదే. ఆ కీకి తాత్కాలికంగా ఒక అక్షరం పెట్టి నోట్‌ప్యాడ్‌లో నొక్కి చూస్తే తేలిపోతుంది. ఒక్క నొక్కుకు రెండు అక్షరాలు పడితే స్విచ్ మార్చాల్సిందే.

కీలు ఎక్కడుండాలన్నది వేళ్లు తేల్చాలి. మైకు ఒక చివర, షేర్ రెండో చివర, మధ్యలో కెమెరా ఉంటే పొరపాట్లు తక్కువ. మైకు కీ మీద ఒక బొట్టుబిళ్ల అతికిస్తే చూడకుండానే వేలికి తెలుస్తుంది.

టీమ్స్, మీట్ వాడేవారికి జూమ్‌లోలాంటి టిక్ గడి దొరకదు. విండోస్ 11లో Win+Alt+K అనే షార్ట్‌కట్ ఉంది. టీమ్స్ దాన్ని గుర్తిస్తుంది కాబట్టి ఏ విండో ముందున్నా మైకు ఆగుతుంది. మీట్‌లో అయితే కాల్ నడిచే ట్యాబ్ ముందుంటేనే Ctrl+D మైకును, Ctrl+E కెమెరాను ఆపుతాయి. లేకపోతే అదే Ctrl+D క్రోమ్‌లో ఆ పేజీని బుక్‌మార్క్ చేస్తుంది. మీట్ ఎక్కువగా వాడేవారు కాల్‌ను వేరే విండోలో ఉంచుకుని, కీ నొక్కే ముందు దాని మీద ఒకసారి క్లిక్ చేయడం అలవాటు చేసుకోవాలి.