5 శాతం పెంపు... ఏ నెల నుంచి?

బిల్లింగ్ లేదా ఫైనాన్స్ ఉద్యోగంలో కొత్తగా చేరారా? అయితే 'ఏటా 5 శాతం పెంపు' అనే షరతున్న కాంట్రాక్టులు మీ చేతికి తప్పక వస్తాయి. దీన్నే ఎస్కలేటర్ క్లాజ్ అంటారు.

ఓ సాఫ్ట్‌వేర్ సంస్థ 2024 అక్టోబరు 1న ఒక క్లయింటుతో ఒప్పందం చేసుకుందనుకుందాం. మొదటి ఏడాది ఫీజు రూ.12 లక్షలు. ఏటా రెన్యువల్. 2025 అక్టోబరు 1 నాటి రెన్యువల్ ఇన్‌వాయిస్‌లో రూ.12.60 లక్షలు ఉండాలి. జీఎస్టీ అదనం.

మరి 2025-26 ఆదాయ అంచనాలో ఎంత వేస్తారు? 12.60 అంటే పొరపాటే! ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు పాత రేటే కదా. నెలకు లక్ష చొప్పున 6 లక్షలు. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు 1.05 లక్షల చొప్పున 6.30 లక్షలు. మొత్తం రూ.12.30 లక్షలు. తేడా 30 వేలే అనిపిస్తుంది. ఇలాంటి కాంట్రాక్టులు వంద ఉంటే అంచనా రూ.30 లక్షలు తప్పుతుంది.

మూడో ఏడాది ఇంకో చిక్కు. పెంపు 'గత ఏడాది ఫీజుపై' అని ఉంటే రూ.13.23 లక్షలు, 'మొదటి ఏడాది ఫీజుపై' అని ఉంటే రూ.13.20 లక్షలు. ఆ ఒక్క మాట చూడకుండా బిల్లు పంపితే క్లయింటు వెనక్కి పంపేస్తాడు.

ఒకటి గుర్తుంచుకోండి. మధ్యలో రద్దు చేయడానికి వీల్లేని మూడేళ్ల కాంట్రాక్టయితే ఈ లెక్క మారొచ్చు. మొత్తం ఫీజును మూడేళ్లకూ సమంగా పంచి ఆదాయంగా చూపాల్సి రావచ్చు. అందుకే అంచనా వేసేముందు రద్దు షరతు కూడా చదవండి.