గడువు తగ్గించాలా, ఈఎంఐ తగ్గించాలా?

హోమ్ లోన్‌లో కొంత అసలు ముందే కడతామని వెళ్తే బ్యాంకువాళ్లు ముందు అడిగేది ఇదే. చాలామంది ఈఎంఐ తగ్గితే చాలనుకుని సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క మాటతో ఎంత తేడా వస్తుందో లెక్కేసి చూద్దాం.

బాకీ 30 లక్షలు, వడ్డీ 9 శాతం, ఇంకా 15 ఏళ్లు కట్టాలనుకోండి. ఈఎంఐ రూ.30,428. వడ్డీ రేటు మారకపోతే ఇకమీదట కట్టే వడ్డీ మొత్తం సుమారు 24.77 లక్షలు. ఇప్పుడు చేతికొచ్చిన 5 లక్షలు కట్టేస్తే అసలు 25 లక్షలకు దిగుతుంది.

గడువు అలాగే ఉంచితే ఈఎంఐ రూ.25,357 అవుతుంది. నెలకు రూ.5,071 మిగులుతుంది. మొత్తం మీద వడ్డీ 4.13 లక్షలు ఆదా. అదే పాత ఈఎంఐ కడుతూ పోతే అప్పు 129వ నెలలో తీరిపోతుంది, అంటే నాలుగేళ్ల మూడు నెలలు ముందే. వడ్డీ దాదాపు 10.77 లక్షలు తగ్గుతుంది.

రెంటికీ మధ్య 6.64 లక్షల తేడా ఎక్కడిది? రెండో దారిలో ఆ రూ.5,071 కూడా నెలనెలా అసలులోకే పోతోంది, అంతే. ఈఎంఐ తగ్గించుకుని, మిగిలిన సొమ్మును ప్రతినెలా మళ్లీ లోన్‌కే కట్టినా అప్పు అదే 129వ నెలలో తీరుతుంది. కాబట్టి అసలు ప్రశ్న, ఆ ఐదు వేలు మీ ఇంట్లో ఏమవుతాయన్నది. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేట్టయితే గడువు తగ్గించుకోవడమే మేలు. జీతం నిలకడగా ఉన్నవాళ్లకు నేను చెప్పేదీ అదే.

ఆదాయం ఒక నెల ఉండి ఒక నెల లేనివాళ్ల సంగతి వేరు. గడువు తగ్గించుకున్నాక పని పోయినా రూ.30,428 కట్టి తీరాలి. వాళ్లు ఈఎంఐ తగ్గించుకుని, వీలైన నెలల్లో అదనంగా కట్టుకోవడం మంచిది. కొన్ని సంస్థలు చిన్న మొత్తాలను పార్ట్ పేమెంట్‌గా తీసుకోవు; అప్పుడు కొన్ని నెలలు కూడబెట్టి ఒకేసారి కట్టాలి. వ్యక్తులు ఫ్లోటింగ్ రేటుపై తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే ఒప్పందం చూసుకోవాలి.

ఏ దారి కావాలో రాతపూర్వకంగా ఇచ్చి, కొత్త వాయిదాల పట్టిక తీసుకోండి. కట్టిన సొమ్ము ఒక్కోసారి అసలులో జమకాకుండా ముందస్తు ఈఎంఐల కింద పడి ఉంటుంది. మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ గడి చూస్తే తెలిసిపోతుంది. మన లెక్కలో ఏ దారి ఎంచుకున్నా అది రూ.22,500 నుంచి రూ.18,750 దగ్గరకు రావాలి. రాకపోతే ఆ స్టేట్‌మెంట్, కట్టిన రసీదు పట్టుకుని వెంటనే బ్రాంచికి వెళ్లండి.