మైనస్ 30 ప్యాకెట్ల లెక్క

పాల్వంచలో థర్మల్ స్టేషన్ యూనిట్ ఒకటి ఓవర్‌హాల్‌కు ఆగిందంటే హార్డ్‌వేర్ షాపులకు తీరిక ఉండదు. కాంట్రాక్టర్ మనిషి ఆటోతో సహా వచ్చి నిలబడతాడు. సరుకు ముందు, కాగితం తర్వాత. ఈ ‘తర్వాత’ దగ్గరే స్టాకు మైనస్‌లోకి దిగుతుంది. అలాంటి షాపు ఒకటి ఊహించుకుందాం. మార్చి నెలాఖరు. ఒకే సరుకు, 3.15 ఎం.ఎం. వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్టు.

గోడౌన్‌లో పాతవి 20 ప్యాకెట్లున్నాయి. ఒక్కోటి రూ.400 చొప్పున కొన్నవి, మొత్తం విలువ రూ.8,000. మార్చి 29న లారీ వచ్చి మరో 100 ప్యాకెట్లు దింపింది. ఈసారి రేటు రూ.460. లారీతో చలానా మాత్రమే వచ్చింది, బిల్లు రాలేదు. బిల్లు వచ్చాక ఎక్కిద్దామని గుమాస్తా చలానాను మేకుకు గుచ్చాడు. 30న కాంట్రాక్టర్ 50 ప్యాకెట్లు పట్టుకెళ్లాడు. ఒక్కోటి రూ.520 చొప్పున రూ.26,000కు అమ్మకం బిల్లు కొట్టారు.

గోడౌన్‌లో అంతా సవ్యంగానే ఉంది. 120లో 50 పోగా 70 ప్యాకెట్లు కళ్లెదుటే ఉన్నాయి. ఈఆర్‌పీకి తెలిసింది మాత్రం పాత 20 గురించే. అందులోంచి 50 తీసేసి ‘మైనస్ 30’ అని చూపింది. కొన్న ధర కింద తనకు తెలిసిన ఒకే ఒక్క రేటు, రూ.400 వేసుకుంది. 50 ప్యాకెట్ల ఖర్చు రూ.20,000, లాభం రూ.6,000. రూ.8,000 స్టాకులోంచి రూ.20,000 బయటకు పోయేసరికి మిగిలిన విలువ మైనస్ రూ.12,000.

ఏప్రిల్ 2న బిల్లు వచ్చింది. గుమాస్తా దాన్ని ఏప్రిల్ 2 తేదీతోనే ఎక్కించాడు. 100 ప్యాకెట్లు, రూ.46,000. ఇప్పుడు సంఖ్య 70 అయింది, గోడౌన్‌తో సరిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకునేది ఇక్కడే, తప్పు దాక్కునేదీ ఇక్కడే. సగటు ధర కట్టే కొన్ని సాఫ్ట్‌వేర్లు రూ.46,000లోంచి రూ.12,000 తీసేసి, మిగిలిన రూ.34,000ను 70తో భాగిస్తాయి. ప్యాకెట్టుకు రూ.485.71 వస్తుంది. ఈ షాపు ఏనాడూ రూ.460కి మించి పెట్టి ప్యాకెట్టు కొనలేదు!

చలానా వచ్చిన రోజే ఎక్కించి ఉంటే? 120 ప్యాకెట్ల విలువ రూ.54,000, సగటు రూ.450. అమ్మిన 50కి ఖర్చు రూ.22,500, లాభం రూ.3,500. మిగిలిన 70 ప్యాకెట్ల విలువ రూ.31,500. అంటే ఈఆర్‌పీ ఈ ఒక్క బిల్లులో లాభాన్ని రూ.2,500 పెంచి చూపింది. అదే రూ.2,500ను మిగిలిన సరుకు నెత్తిన వేసింది.

ఆ 70 కూడా రూ.520కే అమ్ముడైతే రెండు లెక్కల్లోనూ మొత్తం లాభం రూ.8,400కే చేరుతుంది. ‘చివరికి సర్దుకుపోతుంది కదా’ అనే వాళ్ల బలం ఇదే. కానీ మధ్యలో మార్చి 31 ఉంది. ఆ రోజు పుస్తకాల్లో స్టాకు మైనస్ రూ.12,000, సరఫరాదారుకు ఇవ్వాల్సిన రూ.46,000 ఊసే లేదు, లాభం రూ.2,500 ఎక్కువ. పన్ను కట్టేది ఆ లాభం మీదే. ఏప్రిల్‌లో ఓనర్ రూ.485 అసలు ధర అనుకుని రేటు పెంచితే, పక్క షాపు వాడు రూ.500కు అమ్ముకుంటాడు.

మైనస్‌కు దాదాపు సమానంగా సరుకు వచ్చినప్పుడు లెక్క మరీ వెర్రితలలు వేస్తుంది. 100 బదులు 32 ప్యాకెట్లే వచ్చాయనుకోండి. రూ.14,720లోంచి రూ.12,000 పోతే మిగిలేది రూ.2,720, మిగిలిన ప్యాకెట్లు రెండు. ఒక్కోటి రూ.1,360! సరిగ్గా 30 వస్తే ఇంకా విచిత్రం. ప్యాకెట్లు సున్నా, స్టాకు విలువ రూ.1,800. సరుకు రేటు ఉన్నట్టుండి ఆకాశాన్ని అంటినా, సున్నా సరుకుకు విలువ కనిపించినా, ఆ సరుకు ఈమధ్య మైనస్‌లోకి వెళ్లొచ్చిందేమో ముందుగా చూడాలి.

అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇలాగే చేయవు. సగటు ధర పద్ధతిలో ఎస్‌ఏపీ, మైనస్‌ను పూడ్చే 30 ప్యాకెట్ల మీద ఉన్న తేడాను, అంటే ఒక్కోదానికి రూ.60 చొప్పున రూ.1,800ను, ధర తేడాల ఖాతాలో వేసి, మిగిలిన 70ని రూ.460 లెక్కనే ఉంచుతుంది. స్టాకు రేటు మతిపోయేలా మారదు. కానీ ఆ తేడా ఏ అమ్మకానిదో దాని దగ్గరకు మాత్రం తిరిగి చేరదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో కొనుగోలును అసలు తేదీకి, అంటే మార్చి 29కి వేస్తే, ఆ తర్వాతి ఎంట్రీలన్నిటి విలువనూ అది మళ్లీ కడుతుంది, 30నాటి అమ్మకం ఖర్చు కూడా మారుతుంది. ఆ నెల పుస్తకాలు మూసేసి ఉంటే ఈ దారి ఉండదు.

ఆలస్యం ఒక్కటే కారణం కాదు. సరుకు పెద్ద గోడౌన్‌లో దించి, అమ్మకం మాత్రం కౌంటర్ స్టాకులోంచి కొడతారు. మొత్తం చూస్తే ప్లస్సే, కౌంటర్లో మైనస్. డబ్బా లెక్కన కొని, ప్యాకెట్ల లెక్కన అమ్ముతూ, డబ్బాకు ఎన్ని ప్యాకెట్లో సిస్టంలో చెప్పరు. ఒకే రాడ్డుకు రెండు కోడ్‌లుంటే ఒకదానిలో మైనస్ 30, రెండోదానిలో కదలని 30 కనిపిస్తాయి. ఇలా జంటగా దొరికే అంకెలు కారణాన్ని చాలా త్వరగా పట్టిస్తాయి.

నివారణ అనగానే అందరూ చూపేది ఒక మీట. ఈఆర్‌పీనెక్స్ట్‌లో Stock Settings లోని `Allow Negative Stock` టిక్ తీసేస్తే, లేని సరుకుకు బిల్లు పడదు. ఆ మీట నొక్కడం మంచిదే, కానీ అది రెండో పని. మొదటిది చలానాను మేకు మీంచి తీయడం. సరుకు అందిన ఎంట్రీ వేరు, బిల్లు ఎంట్రీ వేరు. సరుకు దిగిన గంటలోనే కొనుగోలు ఆర్డర్‌లోని రేటుతో Purchase Receipt వేయాలి. ఇవ్వాల్సిన రూ.46,000 అప్పటికి `Stock Received But Not Billed` ఖాతాలో నిలుస్తుంది, బిల్లు వచ్చాక సరఫరాదారు ఖాతాకు మారుతుంది. ఎంట్రీకి తేదీతో పాటు సమయం కూడా ఉంటుంది. పొద్దున పదిన్నరకు అమ్మి, సాయంత్రం ఐదుకు సరుకు ఎక్కిస్తే ఆ మధ్యంతా మైనస్సే.

ఈ అలవాటు కుదరకుండానే మీట నొక్కారనుకోండి. ఎదురుగా కాంట్రాక్టర్, బయట ఆటో, తెరపైన ఎర్ర అక్షరాల్లో 30 తక్కువ అన్న సందేశం. గుమాస్తా ఏం చేస్తాడు? Stock Reconciliation తెరిచి 20ని 50 చేసి, తోచిన రేటు కొట్టి బిల్లు వేసేస్తాడు. స్టాకు సున్నా అవుతుంది, మైనస్ లేదు. మూడు రోజుల తర్వాత 100కు బిల్లు ఎక్కుతుంది. సిస్టంలో 100, గోడౌన్‌లో 70. ఆ లేని 30 ప్యాకెట్లు ఏ మైనస్ నివేదికలోనూ కనపడవు, ఏడాది చివర సరుకు లెక్కపెట్టినప్పుడు ‘దొంగతనం’గా బయటపడతాయి.

అందుకే సర్దుబాటు ఎంట్రీ వేసే అధికారం కౌంటర్ మీద ఉండకూడదు. మీట నొక్కిన తొలి నెల మైనస్ జాబితా ఖాళీగా కనిపిస్తే సంబరపడకుండా, సర్దుబాట్ల జాబితా తెరవండి. గోడౌన్‌లో ఎవరూ సరుకు లెక్కపెట్టని రోజున, అమ్మకం బిల్లుకు రెండు నిమిషాల ముందు, సరిగ్గా ఆ బిల్లుకు తక్కువైన సంఖ్యే పెరిగి ఉందేమో చూడండి.